ముక్కు దగ్గర వేలు
(ఆదోనిలో జరిగిన స్మారకోపన్యాసం పాఠం)

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ నర్సమ్మ చేతిగడియారం ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. సెకన్ల ముల్లు ఉన్న పాత గడియారం. కాలం తెలుసుకోవడానికి కాక, పసిబిడ్డల ఊపిరి లెక్కపెట్టడానికే ఆమె దాన్ని కట్టుకునేవారని ఆమెతో పనిచేసినవాళ్ళు చెబుతారు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో బాలింతల ఇళ్ళకు వెళ్ళినప్పుడు బిడ్డ పొట్ట మీది గుడ్డ పక్కకు తీసి, నిమిషం నిండేదాకా నోరు విప్పకుండా కూర్చునేవారట. ఇంట్లోవాళ్ళు ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపేవారు. ఈ ప్రసంగం ఆ ఒక్క నిమిషం గురించి, ఆ నిమిషం దొరకక రాత్రంతా మేలుకునే తల్లుల గురించి.

ముందుగా ఒక ఇంటికి వెళ్దాం. ఈ ఇల్లు ఏ ఒక్కరిదీ కాదు. నర్సమ్మా, ఆమె తర్వాత ఈ పని చేస్తున్నవాళ్ళూ చూసిన ఎన్నో ఇళ్ళను కలిపి ఒక్కటిగా చెబుతున్నది. ఎమ్మిగనూరులో చేనేత కుటుంబం. తొలిచూలు కాన్పు, నెలలు నిండాకే పుట్టిన మగబిడ్డ, పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు. ఇప్పుడు ఆరో వారం. తల్లిపాలు చక్కగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. జబ్బు అనేది లేదు. తల్లికి మాత్రం నిద్ర లేదు.

పక్క ఊళ్ళో ఎవరి బిడ్డో రాత్రి పడుకున్నవాడు పొద్దునకు లేవలేదని పురిటి గదిలో ఉండగానే ఆమె విన్నది. ఆ తర్వాత ఫోన్‌లో అలాంటివే రెండు వీడియోలు చూసింది. అప్పటి నుంచి రాత్రిళ్ళు బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి గాలి తగులుతోందా అని చూడడం మొదలైంది. వేలికి గాలి తెలియకపోతే చెంప ఆనించేది. చెంపకూ తెలియకపోతే ఫోన్ టార్చ్ వేసి పొట్ట చూసేది. పొట్ట కదలడం లేదనిపిస్తే అరికాలు గిల్లేది. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చేవాడు. ఆ ఏడుపు వినగానే ఆమె ప్రాణం కుదుటపడేది. ఒక రాత్రి భర్త లెక్కపెట్టాడు, ఇరవైమూడు సార్లు. "కండ్లు మూస్తే ఊపిరి ఆగిపోతాదేమో అనిపిస్తాది అక్కా. సూడకుంటే ఉండలేను, సూసినా ఉండలేను" అని ఆశా కార్యకర్తతో చెప్పుకుంది.

రెండో మాటలోనే అసలు సంగతి ఉంది. చూసినా ఉండలేకపోవడం.

బిడ్డను చూసుకోవడం తల్లితనంలో భాగం. కాన్పు తర్వాత కొన్ని వారాలపాటు తల్లి మనసంతా బిడ్డ చుట్టూనే తిరగడం సహజమనీ, అది జబ్బు కాదనీ బ్రిటిష్ వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1956లోనే రాశారు. రాత్రికి రెండు మూడు సార్లు లేచి చూడని తల్లి ఎక్కడా ఉండదు. తేడా ఎక్కడ వస్తుందంటే, చూసినందువల్ల కలిగిన ధైర్యం ఎంతసేపు నిలుస్తోంది అన్నదాంట్లో. గంట నిలిస్తే మామూలే. ఐదు నిమిషాలకే కరిగిపోయి, మళ్ళీ చూడాలని గుండె కొట్టుకుంటే, చూడడమే భయాన్ని పెంచుతోందని అర్థం. "నేను చూశాను కాబట్టే బతికి ఉన్నాడు" అని ప్రతిసారీ మనసు లెక్క కడుతుంది. చూడకపోయినా బిడ్డ క్షేమంగా ఉండేవాడన్నది ఆమెకు తెలిసే అవకాశమే రాదు. ఈ వలయంలో చిక్కిన తల్లిని "ఎందుకట్లా భయపడతావు, దేవుడున్నాడులే" అంటే పని జరగదు. బిడ్డ మీద దిష్టి తీసి తాయెత్తు కడితే ఒక రాత్రి జరుగుతుందేమో, రెండో రాత్రికి భయం మళ్ళీ తలుపు తడుతుంది.

భయం దేని గురించో ఆ సంగతిని ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఏడాది లోపు బిడ్డ, పైకి ఏ జబ్బూ కనిపించకుండా, నిద్రలో చనిపోవడం, శవపరీక్ష చేసి, చనిపోయిన చోటు చూసి, బిడ్డ ఆరోగ్య చరిత్ర అడిగినా కారణం దొరకకపోవడం. దీనికి 1969లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన సమావేశంలో 'ఆకస్మిక శిశు మరణం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దీన్ని సిడ్స్ అంటున్నారు. రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఇది ఎక్కువ. పదింట తొమ్మిది ఆరు నెలల లోపే జరుగుతాయి. అమెరికాలో 1990లో లక్ష మంది పుడితే 130 మంది ఇలా పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 38కి వచ్చింది. తగ్గుదలలో కొంత భాగం లెక్కల్లో పేరు మారినందువల్ల అన్నది కూడా నిజం. వెనుక సిడ్స్ అని రాసిన కొన్ని మరణాలను ఇప్పుడు పరుపులో ఊపిరాడక అని రాస్తున్నారు. అది తీసేసినా తగ్గుదల పెద్దదే.

మన దగ్గర ఇలాంటి లెక్క లేదు. ఇంట్లో పోయిన పసిబిడ్డకు శవపరీక్ష జరగడం అరుదు కాబట్టి కారణం దొరకనిదేదో, కారణం ఉండీ తెలియనిదేదో విడదీయలేం. తెలిసింది మరొకటి ఉంది. 2020 నాటి నమూనా నమోదు లెక్కల ప్రకారం దేశంలో వెయ్యిమంది పుడితే ఏడాది లోపు 28 మంది చనిపోయారు. అందులో 20 మంది మొదటి నెలలోనే. నెల లోపు పోయేవాళ్ళలో ఎక్కువమందిని తీసుకెళ్ళేది బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, రక్తంలోకి పాకే ఇన్‌ఫెక్షన్లు. ఇవి పేరున్న జబ్బులు, ముందుగా ఏదో ఒక సంకేతం ఇచ్చే జబ్బులు. పాలు సరిగ్గా తాగడు, ఒళ్ళు చల్లబడుతుంది లేదా కాలుతుంది, మందకొడిగా అవుతాడు. ఈ సంకేతాల కోసం చూడడంలో ఫలితం ఉంది. నిద్రలో ఉన్న ఆరోగ్యవంతుడి ముక్కు దగ్గర వేలు పెట్టడంలో లేదు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. దాని వెనుక ఇరవై ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది, అందులో ఒక భయంకరమైన మలుపు కూడా ఉంది.

1972లో అమెరికాలోని సిరక్యూస్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ అనే వైద్యుడు ఒక వ్యాసం ప్రచురించాడు. నిద్రలో ఊపిరి అప్పుడప్పుడూ ఎక్కువసేపు ఆగే పిల్లలే ఆ తర్వాత అకస్మాత్తుగా చనిపోతున్నారనీ, ఇది కుటుంబాల్లో నడుస్తుందనీ అందులో ప్రతిపాదించాడు. ఒకే ఇంట్లో వరుసగా పోయిన బిడ్డలు అతనికి ముఖ్య సాక్ష్యం. అలాగైతే ఊపిరి ఆగగానే మోగే యంత్రం కడితే చాలు కదా అని లోకం అనుకుంది. ఇంటింటికీ గంట కొట్టే మానిటర్లు వచ్చాయి. బిడ్డ ఛాతీకి పట్టీ కట్టి, తీగలు తగిలించి, ఎన్నో ఏళ్ళపాటు వేల కుటుంబాలు ఆ గంట కోసం చెవులు రిక్కించి పడుకున్నాయి. తప్పుడు గంటలు రాత్రికి ఎన్నిసార్లో మోగేవి.

తర్వాత ఆ ఇంటి సంగతి బయటపడింది. డాలస్‌కు చెందిన ఫోరెన్సిక్ వైద్యురాలు లిండా నార్టన్ ఆ వ్యాసం చదివి, ఇది రోగం కాదు, హత్యలై ఉండవచ్చని అనుమానించింది. సిరక్యూస్ ప్రాంత ప్రాసిక్యూటర్ విలియం ఫిట్జ్‌ప్యాట్రిక్ దర్యాప్తు చేయించాడు. ఆ పిల్లల తల్లి వనేటా హోయిట్‌ను 1994లో అరెస్టు చేశారు. తన ఐదుగురు పిల్లలనూ ఊపిరాడకుండా చేసి చంపిందని 1995లో కోర్టు తేల్చింది. ఊపిరి ఆగే జబ్బు వంశంలో ఉందన్న సిద్ధాంతం ఏ సాక్ష్యం మీద నిలబడిందో ఆ సాక్ష్యమే కూలిపోయింది. ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఈ కథ విని, బిడ్డ పోయిన ప్రతి ఇంటినీ అనుమానంగా చూడకూడదు. అలాంటి నేరం అత్యంత అరుదు. ఆకస్మికంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు దాదాపు అందరూ ఏ తప్పూ చేయనివాళ్ళే.

మానిటర్లు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు నిజమైన జవాబు 2001లో వచ్చింది. అమెరికాలో 1,079 మంది పసిపిల్లలను ఇళ్ళలోనే యంత్రాలతో చాలా కాలం గమనించారు. ఏ జబ్బూ లేని, నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా నూటికి 43 మందికి కనీసం ఒక్కసారి గంట మోగేంత విరామమో, గుండె నెమ్మదించడమో నమోదైంది. తీవ్రమైనవి మాత్రం నూటికి ఇద్దరు ముగ్గురిలోనే కనిపించాయి. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ తీవ్రమైన విరామాలు పుట్టాక మొదటి వారాల్లోనే ఎక్కువ, తర్వాత తగ్గిపోయాయి. ఆకస్మిక మరణాలు మాత్రం రెండో నెల దాటాక ఎక్కువవుతాయి. రెండింటి కాలాలే కలవడం లేదు. 2003లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇంటి మానిటర్లను ఈ మరణాలను ఆపడానికి వాడొద్దని చెప్పింది. గంట కొట్టే యంత్రంతోనే ఆగనిది, నిద్రమత్తులో వేలు పెట్టి చూస్తే ఆగదు. ఈ మాటను తల్లి మీద నిందలాగా చెప్పకూడదు. ఊరటలాగా చెప్పాలి. నువ్వు చూడకపోతే ఏదో అయిపోతుందన్న బరువు నీ భుజాన ఉండాల్సింది కాదమ్మా అని.

మరి మరణాలు తగ్గడానికి కారణం ఏమిటి? పడుకోబెట్టే తీరు.

1950ల నుంచి పాశ్చాత్య దేశాల్లో బిడ్డను బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పేవారు. పాలు కక్కితే గొంతులో అడ్డుపడుతుందన్నది వాళ్ళ భయం. న్యూజిలాండ్‌లో 1987 నుంచి 1990 వరకు జరిగిన పెద్ద అధ్యయనం బోర్లా పడుకోవడం, తల్లి పొగ తాగడం, తల్లిపాలు లేకపోవడం ప్రధాన ప్రమాదాలని చూపింది. 1991 జూలైలో బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత యాన్ డైమండ్ నాలుగు నెలల కొడుకు సెబాస్టియన్‌ను నిద్రలో పోగొట్టుకుంది. న్యూజిలాండ్‌లో ఈ సంగతి తెలిసిపోయిందనీ, తన దేశంలో ఎవరూ గట్టిగా చెప్పలేదనీ తెలుసుకుని ఊరుకోలేదు. ఆ ఏడాది చివరే బ్రిటన్ ప్రభుత్వం 'వెల్లకిలా పడుకోబెట్టండి' అన్న ప్రచారం మొదలుపెట్టింది. మరణాలు వేగంగా తగ్గాయి. అమెరికా 1994లో అదే బాట పట్టింది. ఏ యంత్రమూ చేయలేని పనిని ఒక్క మాట చేసింది.

పాలు కక్కితే ఏమవుతుందన్న భయం మన అత్తమ్మలకూ ఉంటుంది. జవాబు శరీరంలోనే ఉంది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు కిందికే జారతాయి, పైనున్న గాలి గొట్టంలోకి ఎక్కాలంటే ఎదురెక్కాలి. బోర్లా పడుకోబెడితే ఇది తలకిందులవుతుంది, పాలు గాలి గొట్టం వైపే జారతాయి. పక్కకు పడుకోబెట్టడమూ మంచిది కాదు, బిడ్డ సులువుగా బోర్లా దొర్లుతాడు.

ఇప్పుడు ఎమ్మిగనూరు ఇంటికి తిరిగి వద్దాం. ఆశా కార్యకర్త వచ్చింది నలభై రెండో రోజున. ఆసుపత్రిలో కాన్పయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్నది నియమం. ఈ పద్ధతికి పునాది పడింది మనకు దగ్గరలోనే, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990లలో పల్లె ఆడవాళ్ళకే పసిబిడ్డల ఊపిరి లెక్కపెట్టడం, జబ్బు పోల్చడం నేర్పారు. పనిచేసిన ఊళ్ళలో నెల లోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పెద్ద చదువులు లేని పల్లె ఆడవాళ్ళు చేసిన లెక్కే ఇది.

కార్యకర్త బిడ్డ పాలు తాగి నిద్రలోకి జారుకునేదాకా ఆగింది. పొట్ట మీది గుడ్డ తీసింది. గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టింది. నలభై ఆరు. తర్వాత గడియారం తల్లి చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు లెక్కబెట్టు" అంది. పదిహేనో ఇరవైయ్యో లెక్కపెట్టాక పొట్ట ఆగింది. తల్లి ముఖం తెల్లబోయింది, చెయ్యి ముందుకు వచ్చింది. కార్యకర్త ఆ చేతిని పట్టుకుని, "సెకన్లు చెప్పు" అంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఊపిరి మళ్ళీ మొదలైంది. గబగబా నాలుగైదు, తర్వాత మామూలుగా.

"నేను చూసిందీ ఇదే అక్కా. నేను గిచ్చితేనే వచ్చిందనుకున్నా."

పసిపిల్లల ఊపిరి ఇలాగే నడుస్తుంది. కొన్ని సెకన్లు ఊపిరి పీల్చి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్ళీ వేగంగా పీల్చడాన్ని విరామాలతో కూడిన శ్వాస అంటారు. ఊపిరిని నడిపించే మెదడు భాగం ఇంకా పక్వానికి రాకపోవడమే కారణం. మొదటి వారాల్లో ఎక్కువ, ఆరు నెలల నాటికి దాదాపు పోతుంది. పైగా పసిబిడ్డ నిద్రలో సగం కలల నిద్ర. అందులో కనురెప్పలు కదులుతాయి, మూలుగుతాడు, ముఖం చిట్లిస్తాడు, చేతులు ఉలిక్కిపడతాయి. రాత్రి మేలుకుని చూసే తల్లికి ఇవన్నీ ప్రమాదంలా కనిపిస్తాయి.

భయపడవలసినవి వేరు. ఊపిరి ఇరవై సెకన్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఆగడం. ఎంతసేపు ఆగినా సరే, పెదవులు, నాలుక నీలంగానో బూడిద రంగుగానో మారడం, ఒళ్ళు వేలాడిపోవడం. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు పైన ఊపిరి, రెండోసారి లెక్కపెట్టినా అంతే ఉండడం. రెండు నెలల నుంచి ఏడాది వరకు 50 లేదా అంతకు పైన. ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోవడం. పాలు తాగడం మానేయడం. ఒంటి వేడి 37.5 డిగ్రీల పైన గాని 35.5 కంటే తక్కువ గాని ఉండడం. వీటిలో ఏది కనిపించినా వేళ చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆగినట్టు కనిపిస్తే అరికాళ్ళు, వీపు గట్టిగా రుద్దుతూ పిలవాలి. బిడ్డను పట్టుకుని ఊపకూడదు. ఊపడం వల్ల మెదడులో రక్తస్రావం జరగవచ్చు. భయంలో తల్లిదండ్రులు చేసే అతి ప్రమాదకరమైన పని అదే.

తర్వాత కార్యకర్త చూసింది పడక. ఆదోని పత్తి మార్కెట్ ఉన్న ప్రాంతం ఇది, ఇంటింటికీ దూది దొరుకుతుంది. పుట్టబోయే మనవడి కోసం కొత్తగా ఏకిన దూదితో పరుపు, దిండు కుట్టించడం అమ్మమ్మల ప్రేమకు గుర్తు. చేతితో నొక్కితే ముంజేతి వరకూ దిగే పరుపది. ప్రేమ కోసం చేసిందే, కానీ ముఖం పక్కకు తిరిగినప్పుడు ముక్కు అందులో కూరుకుపోతే, బిడ్డ విడిచిన గాలే మళ్ళీ పీలుస్తాడు. ఆక్సిజన్ తగ్గుతుంది. పెద్దవాడు మేలుకుని తల తిప్పుకుంటాడు. కొందరు పసిబిడ్డల మెదడుకు ఆ పిలుపు సరిగా అందదు. ప్రమాదం మూడు సంగతులు కలిసినప్పుడు వస్తుందని 1994లో ఫిలియానో, కిన్నీ అనే వైద్యులు చెప్పారు. బిడ్డలో పుట్టుకతో ఉన్న బలహీనత, మొదటి ఆరు నెలల సున్నితమైన వయసు, బయటి నుంచి వచ్చే ఇబ్బంది. మొదటి రెండూ మన చేతిలో లేవు. పరుపు మన చేతిలో ఉంది.

దూది పరుపు తీసేశారు. చాప మీద గట్టిగా మడిచిన దుప్పటి పరిచారు. దిండు, ఆవాల దిండు రెండూ పక్కన పెట్టారు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. మేలుకున్నప్పుడు కాసేపు బోర్లా ఆడించినా తల చక్కగానే వస్తుంది, మెడ బలపడుతుంది. ముఖం మీదికి వచ్చే వదులు దుప్పట్లు తీసేశారు. చీర ఉయ్యాలను పగటి పూట, ఎదురుగా ఎవరైనా ఉన్నప్పుడే వాడుకోమన్నారు. మెత్తగా వంగే ఉయ్యాలలో చిన్నబిడ్డ గడ్డం ఛాతీకి ఆని, గాలిదారి మడతపడుతుంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు. తాతగారి బీడీ వాకిట్లోనే.

వేడి గురించి కూడా మాట వచ్చింది. ఆదోనిలో ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై డిగ్రీలు దాటుతుంది. అయినా పసిబిడ్డకు టోపీ, సాక్సు, పైన మందపాటి చుట్టు. వేడెక్కడం ఈ మరణాల ప్రమాదాన్ని పెంచేవాటిలో ఒకటి. చేతులు కాళ్ళు చల్లగా ఉండడం చూసి కప్పకూడదు. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడాలి. చెమట పడితే ఒక గుడ్డ తీసేయాలి. ఎండాకాలం ఒక పల్చటి జుబ్బా చాలు.

సుగ్గికి గుంటూరు మిరప చేలకు వెళ్ళే కోసిగి, పెద్దకడుబూరు పల్లెల తల్లుల పరిస్థితి వేరు. చలి రాత్రుల్లో టార్పాలిన్ గుడారంలో బిడ్డను వెచ్చగా ఉంచాలని లోపల మంట పెడతారు. గాలి ఆడని చోట పొగ, కార్బన్ మోనాక్సైడ్ ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మంట బయట, బిడ్డ తల్లి ఒంటికి ఆని, గుడారం ఒక పక్క తెరిచి ఉండాలి. బిడ్డ తల్లి చర్మానికి ఆనుకుంటేనే మంటకన్నా బాగా వెచ్చబడతాడు.

తల్లి పక్కనే పడుకోవాలా వద్దా అన్నది మన ఇళ్ళలో అసలు ప్రశ్నే కాదు, పక్కనే పడుకుంటారు. అమెరికా వైద్యులు ఒకే గదిలో ఉండాలి కానీ వేరే పడకలో అంటారు. బ్రిస్టల్‌లో పీటర్ ఫ్లెమింగ్ బృందం చేసిన పరిశీలనలు ప్రమాదం ఎక్కువగా ఎక్కడుందో విడదీశాయి. తాగి ఉన్నవాళ్ళ పక్కన, పొగ తాగేవాళ్ళ పక్కన, నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ ఉన్నప్పుడు, సోఫాలో. మన ఇళ్ళకు సరిపడే మాట ఇది. తల్లి చాప పక్కనే బిడ్డ చాప ఉండాలి, నడుమ జానెడు. తాగి వచ్చినవాడు ఆ గదిలోకి రాకూడదు.

ఈ సోఫా మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ తల్లి భయానికి దీనికి సంబంధం ఉంది. ఇరవైమూడు సార్లు లేచిన తల్లి తెల్లవారుజామున మూడింటికి కుర్చీలో కూర్చుని పాలిస్తూ నిద్రలోకి జారుకుంటుంది. బిడ్డ ఆమె రొమ్ముకూ కుర్చీ చేతికీ మధ్య ఇరుక్కుంటాడు. చాప మీద పక్కన పడుకున్నదాని కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదం. బిడ్డను కాపాడదామని తీసుకున్న ఆ మెలకువే, చివరికి ప్రమాదం తెచ్చిపెడుతుంది. నిద్ర పోవడం బిడ్డ రక్షణలో భాగమన్నది ఆమెకు ఇలా చెబితేనే ఎక్కింది.

ఆ రోజున ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. పడుకోబోయే ముందు ఒక్కసారి అన్నీ చూస్తారు. వెల్లకిలా ఉన్నాడా, ముఖం మీద ఏమీ లేదా, మెడ వెనక చెమట ఉందా, గదిలో పొగ ఉందా. ఆ చూపు ఒక్కటే బిడ్డకు నిజంగా పనికొచ్చేది. తర్వాత చూసేది పాలిచ్చేటప్పుడు. ఈ బిడ్డ పదకొండింటికి, రెండింటికి, ఐదింటికి లేస్తున్నాడు కాబట్టి రాత్రికి మూడు చూపులు అలాగే దొరుకుతాయి. తొమ్మిది నుంచి పదకొండు వరకు భర్త గదిలో ఉంటాడు, ఆమె నిద్రపోవాలి. మధ్యలో చూడాలనిపిస్తే ఆపుకోవలసిన పని లేదు, వాయిదా వేయాలి. మొదటి మూడు రాత్రులు ఐదు నిమిషాలు, తర్వాత పదిహేను, తర్వాత పాలవేళ దాకా. భయం వచ్చినప్పుడు చూడకుండా ఉండి, ఆ భయం తనంతట తానే తగ్గడం తెలుసుకోవడమే ఈ చికిత్స పని. ముక్కు దగ్గర వేలు, గిచ్చడం, టార్చ్ పూర్తిగా మానాలి. చూడాల్సి వస్తే పొట్ట వైపు, గుమ్మం దగ్గర నిలబడి. అలాంటి వీడియోలు ఫోన్‌లోంచి తీసేయాలి.

మొదటి రాత్రి పద్దెనిమిది. రెండో రాత్రి కూడా పద్దెనిమిదే. నాలుగో రాత్రి తొమ్మిది. రెండో వారంలో బిడ్డకు జలుబు చేసి మళ్ళీ ఇరవైకి వెళ్ళింది. నాలుగో వారానికి ఐదు దగ్గర నిలిచింది. పూర్తిగా పోలేదు, పోవాలని ఎవరూ పట్టుబట్టలేదు.

అందరికీ ఇంత తేలికగా కుదరదు. బిడ్డ నిద్రపోతున్నా, పక్కన వేరేవాళ్ళు కాపలా ఉన్నా తల్లికి రెండు వారాలుగా నిద్ర రావడం లేదంటే, ఏమీ తినకపోతే, తన చేతులతో తానే బిడ్డను ఏదైనా చేస్తానేమో అన్న ఊహలు వదలక వేధిస్తుంటే, చావు మాటలు వస్తుంటే అది కాన్పు తర్వాత వచ్చే ఆందోళన, కుంగుబాటు. మందులూ, మాటల చికిత్సా రెండూ ఉన్నాయి, పాలిచ్చే తల్లికి సరిపడే మందులున్నాయి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచి కదలలేనివాళ్ళు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులో మాట్లాడతారు. ఆ ఊహలు వచ్చినంత మాత్రాన తల్లి చెడ్డది కాదు, అవి చెప్పుకోవడమే కష్టం. చెప్పిన తల్లిని పక్కవాళ్ళ ముందు నిలబెట్టకుండా వినడం ఇంట్లోవాళ్ళ పని. ఇక ఊరి మాటలు, చూపులు తెలియకుండానే అగ్గి పెడతాయి. నిద్రలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి "మీద పడి దొర్లింది" అని చెవులు కొరుక్కునేవాళ్ళు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొందరు బిడ్డలు వెళ్ళిపోతారు. ఆ తల్లికి ఆ మాట అంటగట్టినవాళ్ళే పక్కింటి చిన్న తల్లికి రాత్రంతా నిద్ర లేకుండా చేస్తున్నారు.

ఐదో నెలలో ఆ బిడ్డ ఒక రాత్రి తనంతట తానే బోర్లా దొర్లాడు. తెల్లవారుజామున చూసిన తల్లి గుండె జారింది. మొదటి భయం అంతా తిరిగి వచ్చింది. ఎన్నిసార్లు వెల్లకిలా తిప్పినా మళ్ళీ దొర్లాడు. కార్యకర్తకు ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, వెల్లకిలా నుంచి బోర్లా, బోర్లా నుంచి వెల్లకిలా రెండూ తిరగగలుగుతున్నాడా అని. తిరుగుతున్నాడంది తల్లి. అయితే పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టు, తర్వాత వాడెలా తిరిగినా లేపి తిప్పనక్కర్లేదు, చుట్టూ దిండ్లు మాత్రం ఉండకూడదు, చుట్టడం కూడా ఇక మానేయాలి అని ఆమె చెప్పింది. తలను తనే ఎత్తి తిప్పుకోగలిగిన బలం వచ్చిందంటే, ముఖం పక్కకు తిప్పుకోగలడు.

అత్తకు మాత్రం ఈ సంగతి వేరేలా అందింది. బోర్లా పడితే బొబ్బట్లు చేయాలి కదా! పొద్దున్నే శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం కలిపి, వీధిలో పది ఇళ్ళకు పంచింది. ఆ మధ్యాహ్నం బిడ్డ వాకిట్లో చాప మీద బోర్లా పడి, తల ఎత్తి, మగ్గం కొట్టే చప్పుడు వైపు చూస్తూ ఉంటే తల్లి గుమ్మంలోనే కూర్చుని, చేతిలో బొబ్బట్టుతో నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.